క్యూసీ స్పెషలిస్టు గ్రూప్ లీడర్ అయితే: ఒక జడ్చర్ల కేసు, 24 ఏళ్ల లెక్క

2025 ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున శ్రీకాంత్, స్వప్న మహబూబ్‌నగర్‌లోని నా ఆఫీసుకు వచ్చారు. పేర్లు మార్చాను, మిగతావన్నీ వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. శ్రీకాంత్‌కు 34 ఏళ్లు. పాలమూరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, 2016 నుంచి పోలేపల్లి సెజ్‌లోని ఒక మందుల కంపెనీలో, నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాడు. స్వప్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, జీతం 22,000. ఆరేళ్ల పాప, రెండేళ్ల బాబు. 24 లక్షల ఇంటి లోను, నెలకు 20,980 ఈఎంఐ. మిడ్జిల్ దగ్గర ఊళ్లో తల్లిదండ్రులు, రెండెకరాల భూమి.

కంపెనీ అతనికి గ్రూప్ లీడర్ పోస్టు ఇస్తామంది. సీటీసీ, అంటే కంపెనీ ఏడాదికి అతని మీద పెట్టే మొత్తం ఖర్చు, 20 శాతం పెరుగుతుంది. వారంలో జవాబు చెప్పాలి. శ్రీకాంత్ మనసులో అప్పటికే ఒప్పేసుకున్నాడు. నా దగ్గరికి వచ్చింది పెరిగే జీతంతో భూత్పూర్ రోడ్డులో ప్లాటు కొనొచ్చా అని అడగడానికి. స్వప్న అడిగింది మాత్రం వేరు. "సార్, జీతం పెరుగుతది అంటున్నరు గానీ, ఒకటో తారీఖు అకౌంట్ల పడేది ఎంత పెరుగుతదో ఎవరూ చెప్తలేరు."

నేను ఈ సలహాల పనిలోకి రాకముందు పద్దెనిమిదేళ్లు మందుల ప్లాంట్లలో హెచ్‌ఆర్‌లో పనిచేశాను. ఇలాంటి ఆఫర్ లెటర్లు నేనే వందలు తయారుచేశాను. అందుకని ముందు స్వప్న ప్రశ్నతోనే మొదలుపెట్టాం. పాత పే స్లిప్పు, కొత్త లెటర్ పక్కపక్కన పెట్టి కాగితం మీద రాసుకున్నాం.

| | పాతది | కొత్తది |
|---|---|---|
| ఏడాది సీటీసీ | 8.05 లక్షలు | 9.66 లక్షలు |
| అందులో వేరియబుల్ | లేదు | 1.16 లక్షల వరకు |
| నెల గ్రాస్ | 62,000 | 64,950 |
| పీఎఫ్ కోత | 3,600 | 4,200 |
| ప్రొఫెషనల్ ట్యాక్స్ | 200 | 200 |
| షిఫ్టు అలవెన్సు (సగటున) | 2,500 | లేదు |
| చేతికి వచ్చేది | 60,700 | 60,550 |

చివరి వరుస చూసి శ్రీకాంత్ క్యాలిక్యులేటర్ తీసుకుని మళ్లీ కూడాడు. తప్పు లేదు. సీటీసీ ఏడాదికి లక్షా అరవై వేలు పెరిగితే, నెలకు ఇంటికి వచ్చేది 150 రూపాయలు తగ్గింది. పెరిగినదాంట్లో పెద్ద ముక్క వేరియబుల్ పేరుతో ఏడాది చివరికి పోయింది. కొంత కంపెనీ వాటా పీఎఫ్‌కు, గ్రాట్యుటీకి పోయింది. గ్రూప్ లీడర్లకు జనరల్ షిఫ్టే కాబట్టి షిఫ్టు అలవెన్సు ఆగిపోయింది. ఆదాయపు పన్ను ఇక్కడ తేడా తేలేదు. 2025-26లో కొత్త పన్ను విధానం కింద 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉంది కాబట్టి రెండు వైపులా సున్నాయే. పీఎఫ్‌లోకి అదనంగా పడేది, తన వాటా, కంపెనీ వాటా కలిపి నెలకు 1,200, అతని పేరు మీదే ఉంటుంది. అది నష్టం కాదు. కానీ దాంతో ఈఎంఐ కట్టలేం.

వేరియబుల్ గురించి ఒక మాట. లెటర్‌లో 1.16 లక్షలు అని రాసి ఉన్నా అది "వరకు" మాత్రమే. నేను హెచ్‌ఆర్‌లో ఉన్నప్పుడు మామూలు ఏడాదిలో మధ్యస్థాయి మేనేజర్లకు పడింది అందులో 70 శాతం అటూఇటూ. ప్లాంటుకు ఆడిట్ దెబ్బ తగిలిన ఏడాది సున్నా పడటం కూడా చూశాను. అందుకే లెక్కలో 81 వేలే వేసుకున్నాం.

నిజానికి మొదటి ఏడాది జీతం ఈ నిర్ణయంలో చిన్న విషయం. చాలామంది అక్కడే ఆగిపోతారు, నేనూ ఒకప్పుడు ఆగిపోయేవాణ్ని. చూడాల్సింది రిటైరయ్యే వరకు సాగే రెండు దారులు ఎలాంటి ఆకారంలో ఉంటాయనేది.

రెండు దారులు

ముందు స్పెషలిస్టుగా శ్రీకాంత్ విలువ ఏమిటో చెప్పాలి. ల్యాబ్‌లో అతను హెచ్‌పీఎల్‌సీ మనిషి, మందులోని పదార్థాలను విడదీసి కొలిచే మెషీన్ అది. ఒక మందు పరీక్షలో మెషీన్ గీసే గ్రాఫ్‌లో పీకు అనే శిఖరానికి తోక సాగుతోందనుకోండి, అంటే టెయిలింగ్ ఫ్యాక్టర్ మెథడ్‌లో రాసిన 2.0 దాటుతోంది. కొత్త అనలిస్టు పదార్థాలను విడదీసే గొట్టం, కాలమ్‌నే మారుస్తాడు. ఒక్కో కాలమ్ వేల రూపాయలు. శ్రీకాంత్ ముందు పీహెచ్ నిలబెట్టే బఫర్ ద్రావణం సీసా చేతిలోకి తీసుకుని, ఎప్పుడు కలిపారో లేబుల్ చూస్తాడు. ఆ తర్వాత పీహెచ్ మీటర్ ఆ రోజు క్యాలిబ్రేట్ చేశారా అని రిజిస్టర్ తెరుస్తాడు. క్షార గుణమున్న మందుల్లో పీహెచ్ కొద్దిగా జరిగినా పీకు తోక సాగొచ్చు. అతను కొత్త బఫర్ కలిపించి, మళ్లీ ఆరు ఇంజెక్షన్లు, అంటే మెషీన్‌లోకి ఆరుసార్లు ద్రావణం, వేయిస్తే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. ఒక బ్యాచ్ రెండు రోజులు ఆగకుండా వెళ్లిపోతుంది. ఈ చేతివాటం ఉన్న మనిషికి జడ్చర్లలోనే కాదు, షాద్‌నగర్‌లో, చౌటుప్పల్ దగ్గరి మందుల ముడిసరుకు చేసే ఏపీఐ యూనిట్లలో, పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు ఎక్కడైనా గిరాకీ ఉంది. ఉద్యోగం పోయినా రెండు మూడు నెలల్లో దాదాపు అదే జీతానికి దొరుకుతుంది.

దీనికీ పైకప్పు ఉంది. 45 దాటాక స్పెషలిస్టు జీతం ధరలతో పాటే నడుస్తుంది, వాటిని దాటి పెరగదు. రాత్రి షిఫ్టులు ఒంటికి పడవు. అదే పనిని 28 ఏళ్ల కుర్రాడు సగం జీతానికి చేస్తానంటాడు. స్పెషలిస్టు దారి సురక్షితం అని అందరూ అనేది మొదటి సగానికే నిజం.

మేనేజర్ దారిలో జీతం నిట్టనిలువుగా పెరుగుతుంది గానీ మధ్యలో తెగుతుంది. పై పోస్టులు తక్కువ, ఒక పోస్టు పోతే అలాంటిదే ఖాళీ అయ్యేదాకా ఆగాలి.

ఈ రెండింటినీ ఈరోజు రూపాయల్లోనే లెక్కవేశాం, అంటే ధరల పెరుగుదల తీసేసి, పన్ను కోయకముందు. 58 వరకు 24 ఏళ్లు. స్పెషలిస్టుగా ఏడాదికి 7.3 లక్షలతో మొదలై, ధరల మీద 2 శాతం చొప్పున పన్నెండేళ్లు పెరిగి, ఆ తర్వాత నిలిచిపోతుందనుకున్నాం. మొత్తం 2.09 కోట్లు. మేనేజర్‌గా వేరియబుల్‌తో కలిపి 8.1 లక్షలతో మొదలై, 4 శాతం చొప్పున పన్నెండేళ్లు పెరిగి నిలిచిపోతుందనుకున్నాం. మొత్తం 2.77 కోట్లు. తేడా 68 లక్షలు.

ఈ పెరుగుదల శాతాలు నేను ప్లాంట్లలో చూసిన ఇంక్రిమెంట్ల నుంచి తీసుకున్న అంచనాలు. వేరే రంగం మనిషికి ఇవే అంకెలు వేయకూడదు.

68 లక్షలు చూడగానే శ్రీకాంత్ మొహం వికసించింది. అయితే ఆ అంకె ఒక్కసారి కూడా పడిపోని మేనేజర్‌ది. నా పద్దెనిమిదేళ్లలో నేను మేనేజర్లను చేసినవాళ్లలో 58 దాకా ఏ దెబ్బా తగలకుండా వెళ్లినవాళ్లు తక్కువ. కాబట్టి రెండు పతనాలు లెక్కలోకి తెచ్చాం. రెండింటిలోనూ ఎనిమిది నెలలు ఖాళీ, తర్వాత 25 శాతం తక్కువ జీతానికి చేరడం.

పతనం 46 ఏళ్లప్పుడు, అంటే జీతం పైకప్పు చేరాక వస్తే, ఆ తర్వాత మళ్లీ పెరగకపోయినా మొత్తం 2.32 కోట్లు. స్పెషలిస్టు కంటే ఇంకా 23 లక్షలు ఎక్కువే. ఇది శ్రీకాంత్‌నే కాదు, నన్నూ మొదట ఆశ్చర్యపరిచింది. అప్పటికే వచ్చిన డబ్బు ఆ దెబ్బను కాస్తుంది.

అదే పతనం నాలుగో ఏట, 37 ఏళ్లప్పుడు వస్తే కథ మారుతుంది. పెరగాల్సిన జీతం ఇంకా పెరగలేదు. కింది మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి, అక్కణ్నుంచి పెరుగుదల 2 శాతమే. మొత్తం 1.82 కోట్లు. స్పెషలిస్టుగా ఉండిపోయినదానికంటే 27 లక్షలు తక్కువ.

తొలి నాలుగైదేళ్లలో పడిపోయే అవకాశం పదింట మూడు అనుకుందాం. మిగతా ఏడులో సగం పడకుండా సాగుతాయి, సగం ఆలస్యంగా పడతాయి. వీటన్నిటినీ కలిపి సగటు తీస్తే మేనేజర్ దారి లాభం 68 నుంచి దాదాపు 24 లక్షలకు దిగుతుంది. 24 ఏళ్లకు 24 లక్షలంటే నెలకు ఎనిమిది వేలు. దాని కోసం మోయాల్సిన బరువు ఎంతో అప్పుడు మాట్లాడుకోవచ్చు. పైగా సగటును ఎవరూ బతకరు. శ్రీకాంత్‌కు ఈ మూడింట్లో ఒక్కటే జరుగుతుంది.

చేయి ఆడుతూ ఉంటే

ఇక్కడ నేను అతణ్ని ఒక ప్రశ్న అడిగాను. "మీ ల్యాబ్‌లో గ్రూప్ లీడర్లు మెషీన్ ముట్టుకుంటరా?"

"లేదు సార్. వాళ్ల అనలిస్టు క్వాలిఫికేషన్ లాప్స్ అయిపోయింది. రివ్యూ, మీటింగులు, డీవియేషన్లు, ఇవే."

ఈ జవాబులోనే ఈ కేసు అంతా ఉంది. మందుల ల్యాబ్‌లో పరీక్ష చేయాలంటే ఆ పద్ధతి మీద అనలిస్టుగా క్వాలిఫై అయి ఉండాలి. తెలిసిన నమూనాను పరీక్షించి, ఫలితం అనుమతించిన హద్దులో ఉందని చూపాలి. దాన్ని నిర్ణీత కాలానికోసారి మళ్లీ చేయాలి. చేయకపోతే లాప్స్. లాప్స్ అయినవాడు ఎంత పెద్ద చదువు చదివినా ఆ ల్యాబ్‌లో ఒక ఇంజెక్షన్ వేసే అధికారం ఉండదు. మూడేళ్లు మెషీన్ ముట్టని గ్రూప్ లీడర్ ఉద్యోగం పోయి బయటికొస్తే, స్పెషలిస్టు పోస్టుకు పిలిచేవాళ్లు ఉండరు. మేనేజర్ పోస్టు ఖాళీ లేదంటారు. ఎనిమిది నెలల ఖాళీ, 25 శాతం కోత పుట్టేది ఇక్కడే.

అందుకని నాలుగో ఏటి పతనాన్నే ఒక మార్పుతో మళ్లీ వేశాం. ఈసారి శ్రీకాంత్ చేయి ఆడుతూనే ఉంది, క్వాలిఫికేషన్ బతికే ఉంది. మూడు నెలల్లో స్పెషలిస్టుగా, అప్పటికి స్పెషలిస్టుగా ఉండి ఉంటే వచ్చే జీతానికే చేరాడు. మొత్తం 2.10 కోట్లు. అంటే అసలు మేనేజర్ కాకుండా ఉండిపోయినంత. 27 లక్షల నష్టం మొత్తంగా మాయమైంది.

నేను ఈ ఆఫర్ మొత్తంలో అన్నిటికంటే విలువైనది ఇదేనని చెప్పాను. 20 శాతం హైకు, డిజిగ్నేషన్, కారు లోను రాయితీ, వీటిలో ఏదీ దీనికి సాటి రాదు. నెలకు రెండు రోజులు మెషీన్ దగ్గర ఉండటం, క్వాలిఫికేషన్ లాప్స్ కాకుండా చూసుకోవడం. కంపెనీకి దీని ఖర్చు దాదాపు ఏమీ లేదు. అయినా ఎవరూ అడగరు, మేనేజర్ అయ్యాక మళ్లీ గ్లాస్‌వేర్ పట్టుకోవడం చిన్నతనం అనుకుంటారు.

చట్టం వైపు ఒక నష్టం

స్పెషలిస్టు మేనేజర్ అయిన రోజు ఒక రక్షణ సద్దుచప్పుడు లేకుండా పోతుంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం "వర్క్‌మన్" నిర్వచనంలో సాంకేతిక పని చేసేవాళ్లు ఉండేవాళ్లు, వాళ్లకు జీతం పరిమితి ఉండేది కాదు. ప్రధానంగా మేనేజ్‌మెంట్ పని చేసేవాళ్లు అందులో ఉండేవాళ్లు కాదు. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ గీత ఇలాగే ఉంది. వర్క్‌మన్ కిందికి వచ్చే మనిషిని పని తగ్గిందని తీసేయాలంటే కనీసం ఒక నెల నోటీసు, పూర్తిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం ఇవ్వాలి. తొమ్మిదేళ్ల సర్వీసుకు అది నాలుగున్నర నెలల జీతం, శ్రీకాంత్‌కు సుమారు 2.8 లక్షలు.

దీన్ని ఉన్నదానికంటే పెద్దది చేసి చెప్పను. డిజిగ్నేషన్ చూసి కోర్టులు తేల్చవు, రోజూ చేసే ప్రధాన పని ఏమిటో చూస్తాయి. వాస్తవంలో చాలా ప్లాంట్లలో తీసేయడం అనే మాటే రాదు, గదిలో కూర్చోబెట్టి రాజీనామా రాయించుకుంటారు. అయినా వర్క్‌మన్ అని వాదించగలిగిన మనిషితో హెచ్‌ఆర్ కాస్త జాగ్రత్తగా మాట్లాడుతుంది. నేను బల్లకు ఆ వైపు కూర్చున్నవాణ్ని, ఆ తేడా నాకు తెలుసు. మేనేజర్‌కు మిగిలేది అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసి ఉన్న నోటీసు పీరియడ్ ఒక్కటే.

అప్పుడు లెటర్ మూడో పేజీ తెరిచాం. ఉద్యోగి మానేయాలంటే 90 రోజుల నోటీసు, కంపెనీ మానిపించాలంటే 30 రోజులు. శ్రీకాంత్ ఆ పేజీ అప్పటిదాకా చదవలేదు.

గ్రాట్యుటీ విషయంలో మాత్రం అతనికి మేలే జరిగింది, ఎందుకంటే ప్రమోషన్ అదే కంపెనీలో. అప్పటి నిబంధన ప్రకారం గ్రాట్యుటీ లెక్క చివరి బేసిక్ మీద ఉండేది:

```
చివరి బేసిక్ × 15/26 × సర్వీసు ఏళ్లు
```

బేసిక్ 30,000 నుంచి 35,000 అయితే గడిచిన తొమ్మిదేళ్లకూ కొత్త బేసిక్ వర్తిస్తుంది. 1.56 లక్షలున్నది 1.82 లక్షలైంది. ఇదే పోస్టు కోసం వేరే కంపెనీకి మారి ఉంటే, పాత సర్వీసు అక్కడే తెగి, కొత్తచోట ఐదేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాల్సి వచ్చేది.

మూడు అడిగాం

వారం గడువు చివరి రోజు శ్రీకాంత్ మూడు విషయాలు మెయిల్‌లో అడిగాడు. ఎదురుగా నోటితో అడగొద్దని నేనే చెప్పాను, నోటి మాట మేనేజర్ మారగానే పోతుంది. మొదటిది, వేరియబుల్‌లో మూడో వంతు ఫిక్స్‌డ్ జీతంలోకి మార్చమని. రెండోది, నోటీసు రెండు వైపులా 90 రోజులు చేయమని. మూడోది, నాలుగు ముఖ్యమైన పద్ధతుల మీద అతని అనలిస్టు క్వాలిఫికేషన్ కొనసాగించమని, పరీక్ష పద్ధతిని ఒక ల్యాబ్ నుంచి ఇంకో ల్యాబ్‌కు అప్పగించే మెథడ్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్స్‌లో రచయితగా అతని పేరు ఉంచమని.

మొదటిది కుదరదన్నారు, గ్రేడ్ పాలసీ అది. రెండోది రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. మూడోదానికి క్యూసీ హెడ్ వెంటనే సరే అన్నాడు, ఆయనకూ కష్టమైన ట్రబుల్‌షూటింగ్‌కు మనిషి కావాలి. నోటీసు 90 రోజులైతే కంపెనీ వదిలించుకోవాలన్నా దాదాపు 1.95 లక్షల గ్రాస్ ఇచ్చి పంపాలి. పోయిన 2.8 లక్షల రక్షణలో చాలా భాగం ఇలా తిరిగొచ్చింది.

ఇక ప్లాటు. ఇంటి ఖర్చు 24,000, ఈఎంఐ 20,980, పాప స్కూలు 6,000, అమ్మానాన్నల మందులు 4,000, మొత్తం నెలకు 55,000. స్వప్న జీతం పోగా 33,000 లోటు. పన్నెండు నెలలకు నాలుగు లక్షలు. స్పెషలిస్టుకు నేను ఆరు నెలల డబ్బు పక్కన పెట్టుకోమంటాను, మేనేజర్‌కు పన్నెండు. శ్రీకాంత్ ప్లాన్ ప్రకారం వేరియబుల్‌తో ఈ నిధి నింపాలి. ఏడాదికి 81 వేల చొప్పున ఐదేళ్లు పడుతుంది. ప్రమాదం ఎక్కువగా ఉన్నదీ ఆ మొదటి ఐదేళ్లే. గొడుగు వాన వెలిశాక చేతికొస్తుంది.

వాళ్లకు ఆ నెలలో మూడు లక్షల చీటీ ఎత్తుబడి ఉంది. ప్లాటు అడ్వాన్సు కోసం శ్రీకాంత్ దాచింది అదే. గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. స్వప్నే అంది, "ప్లాటు రెండేండ్లు ఆగితె ఏం కాదు. ఈఎంఐ ఒక్క నెల ఆగితె బ్యాంకోళ్లు ఇంటికొస్తరు." చీటీ డబ్బు బ్యాంకు ఎఫ్‌డీలో పడింది, ఇద్దరి పేర్ల మీద. మే 2న శ్రీకాంత్ గ్రూప్ లీడర్‌గా చేరాడు.

నవంబరు ఆడిట్

ఏడో నెలలో విదేశీ కస్టమర్ ఆడిట్‌కు వచ్చాడు. ఆడిటర్ ల్యాబ్‌లో కూర్చుని హెచ్‌పీఎల్‌సీ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రెయిల్ తెరిచాడు. ఆడిట్ ట్రెయిల్ అంటే మెషీన్ మీద ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో చెరిపేయలేని రికార్డు. ఒక బ్యాచ్‌కు సంబంధించి పొద్దున 6:40కి, అధికారిక సీక్వెన్స్, అంటే వరుసగా వేసే అసలు పరీక్షలు, మొదలవ్వకముందే ఒక ఇంజెక్షన్ పడి ఉంది. ఫైలు పేరు `TRIAL_02`. వేరే ఫోల్డర్‌లో ఉంది. లోపలున్నది ఆ బ్యాచ్ నమూనాయే.

ఇది ఎందుకు తప్పో మందుల రంగం బయటివాళ్లకు చెప్పాలి. నమూనాను ముందే దొంగచాటుగా ఒకసారి చూసి, ఫలితం బాగుంటేనే అసలు పరీక్ష చేస్తే, పరీక్షకు అర్థమే ఉండదు. ఆ అనలిస్టు ఉద్దేశం మోసం కాకపోవచ్చు. మెషీన్ నిలకడగా ఉందో లేదో చూడటానికి దగ్గరున్న వయల్ వేశానన్నాడు. మెషీన్‌ను చూడాలంటే విలువ ముందే తెలిసిన స్టాండర్డ్ వేయాలి, నమూనా వేయకూడదు. డేటా ఇంటిగ్రిటీ, అంటే రికార్డుల నిజాయితీ మీద అమెరికా ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకంలోనూ ఇలా మెషీన్‌ను చూసే పేరుతో అసలు నమూనా వేయడం గురించిన ప్రస్తావన ఉంది. వచ్చింది కస్టమర్ కాకుండా ఎఫ్‌డీఏ అయి ఉంటే ఇది తనిఖీలో దొరికిన లోపాలు రాసిచ్చే ఫారం 483లో మొదటి పాయింటుగా ఎక్కేది.

ఆ బ్యాచ్ పరీక్ష రికార్డులన్నీ ఉన్న డేటా ప్యాకు మీద రివ్యూయర్ సంతకం శ్రీకాంత్‌ది.

ఆ రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. "సార్, నేను ఆ ఇంజెక్షన్ వెయ్యలె. ఆ పొద్దు నేను డ్యూటీల కూడా లేను." నిజమే. స్పెషలిస్టుగా తొమ్మిదేళ్లలో తన చేతి పనికే అతను జవాబుదారీ. ఇప్పుడు పదకొండు మంది చేతులకు. వారానికి నలభైకి పైగా ప్యాకులు రివ్యూ చేస్తున్నాడు. సీక్వెన్స్ ఉన్న ఫోల్డర్ చూసేవాడు, పక్క ఫోల్డర్లు తెరవడానికి టైము ఉండేది కాదు. మేనేజర్ రిస్కు అని నేను ఏప్రిల్‌లో కాగితం మీద 25 శాతం, ఎనిమిది నెలలు అని రాసింది మనిషి రూపంలో ఇలా ఉంటుంది.

విచారణ మూడు వారాలు సాగింది. అతన్ని కాపాడిన కాగితం ఒకటుంది. ఆగస్టులోనే అతను క్యూసీ హెడ్‌కు మెయిల్ రాశాడు: రివ్యూ చెక్‌లిస్టులో ఇతర ఫోల్డర్ల ఆడిట్ ట్రెయిల్ చూడటం లేదు, చేర్చాలి, దానికి ఇంకో రివ్యూయర్ కావాలి. జవాబు రాలేదు. కానీ మెయిల్ ఉంది. లోపం మనిషిది కాదు, చెక్‌లిస్టుది అని విచారణ నివేదికలోకి వెళ్లింది. శ్రీకాంత్‌కు రాతపూర్వక హెచ్చరిక ఇచ్చారు, ఉద్యోగం నిలిచింది. పక్క గ్రూపు లీడర్‌కు ఇలాంటివే రెండు బయటపడ్డాయి, ముందుగా రాసిన మెయిల్ ఏదీ లేదు. అతను డిసెంబరులో రాజీనామా చేశాడు. మెషీన్ ముట్టి ఐదేళ్లయిందట. నేను ఈ కేసు రాసేనాటికి అతను ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

వేరియబుల్ 40 శాతమే వచ్చింది, 46 వేలు. మేం వేసుకున్న 81 వేలలో సగం కంటే కొంచెం ఎక్కువ. ఒక్క ఏడాది చూసి 24 ఏళ్ల లెక్క మార్చను. కానీ 70 శాతం అంచనాను 60కి తగ్గించి మళ్లీ వేస్తే మొదటి ఏడాది 8.1 లక్షలు 7.96కు దిగింది, మిగతా ఏళ్లూ ఆ దామాషాలోనే దిగాయి. దారి మార్చేంత తేడా కాదు.

నేను ఏప్రిల్‌లో చూడని విషయం ఒకటుంది. ఎంతమంది ప్యాకులు, వారానికి ఎన్ని, ఎంతమంది రివ్యూయర్లు అని అడగలేదు. జీతం, నోటీసు, క్వాలిఫికేషన్ మీదే మనసు పెట్టాను. తొలి ఏళ్లలో పడిపోయే అవకాశం పదింట మూడా, పదింట ఐదా అని తేల్చేది ఆ నిష్పత్తే. పదింట ఐదు అయితే సగటు లాభం 24 లక్షల నుంచి పది లక్షల లోపుకు పడిపోతుంది. ఇప్పుడు వచ్చేవాళ్లను మొదటి గంటలోనే అడుగుతున్నాను: నీ సంతకం వారానికి ఎన్నిసార్లు పడుతుంది, అందులో ఎన్ని నువ్వు పూర్తిగా చూసి పెడతావు?

శ్రీకాంత్ విషయంలో రెండో రివ్యూయర్‌ను జనవరిలో ఇచ్చారు. ప్యాకులు వారానికి ఇరవై రెండుకు తగ్గాయి.

నెలకు రెండు రోజుల మెషీన్ పని ఆడిట్ తర్వాత మూడు నెలలు ఆగిపోయింది, టైము లేదన్నాడు. నాలుగు పద్ధతుల్లో ఒకదాని క్వాలిఫికేషన్ లాప్స్ అయ్యింది. ఫిబ్రవరిలో స్వప్న ఆ సంగతి నాకు ఫోన్‌లో చెప్పింది, అతను చెప్పలేదు. మార్చిలో రెండు శనివారాలు వెళ్లి మళ్లీ క్వాలిఫై అయ్యాడు. రెజ్యూమేలో "ఈ ఏడాది పరిష్కరించిన పద్ధతులు" అని ఒక వరుస పెట్టాడు, అందులో రెండున్నాయి. ఏడాదికోసారి ఆ రెజ్యూమే స్పెషలిస్టు పోస్టులకు పంపి ఎన్ని ఫోన్లు వస్తాయో చూడమన్నాను. చేరడానికి కాదు, తిరిగి వెళ్లే దారి తెరిచి ఉందో లేదో తెలుసుకోవడానికి. మొదటిసారి ఐదు చోట్లకు పంపితే మూడు ఫోన్లు వచ్చాయి, ఒకటి చౌటుప్పల్ నుంచి, అతని పాత జీతం మీద ఆరు వేలు ఎక్కువకు.

ఎఫ్‌డీలో ఇప్పుడు మూడు లక్షల నలభై ఆరు వేలున్నాయి. నాలుగు లక్షలు పూర్తయ్యాక ప్లాటు మాట ఎత్తుకుంటామని స్వప్న ఫైలు అట్ట మీద పెన్నుతో రాసిపెట్టింది.